ఒక టేపు చాలు



1936లో అలన్ ట్యూరింగ్ రాసిన ఒక వ్యాసంలో ఊహలో మాత్రమే నడిచే ఒక యంత్రం ఉంది. గడులు గడులుగా విభజించిన పొడవాటి టేపు, ఆ గడుల మీద ఒక్కో గడి చొప్పున అటూ ఇటూ జరిగే ఒక హెడ్డు, ఏ పరిస్థితిలో ఏం చేయాలో చెప్పే నియమాల పట్టిక, అంతే. ఏ క్షణంలోనైనా యంత్రం ఏదో ఒక స్థితిలో ఉంటుంది. ఆ స్థితుల సంఖ్య యంత్రాన్ని తయారు చేసేనాడే తేలిపోతుంది, తర్వాత పెరగదు. హెడ్డు కింద ఉన్న అక్షరాన్ని చూసి, పట్టిక ప్రకారం దాన్ని మార్చి, ఎడమకో కుడికో ఒక గడి జరిగి, కొత్త స్థితిలోకి వెళుతుంది. దీన్నే ట్యూరింగ్ యంత్రం అంటున్నాం.

పాఠం ఇక్కడికి రాగానే చురుకైన విద్యార్థి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒక్క టేపే ఎందుకు? రెండు పెడితే? పది పెడితే? ఒకే పరిస్థితిలో రెండు మూడు దారులు పట్టే స్వేచ్ఛ యంత్రానికి ఇస్తే? అప్పుడు ఒక టేపు యంత్రం చేయలేని పనులు కొన్ని చేయగలదు కదా అని. చేయలేదు. వేగంలో తేడా వస్తుంది, చాలా పెద్ద తేడాయే వస్తుంది. కానీ ఏ మాటలను ఒప్పుకుంటుంది, ఏ మాటలను ఒప్పుకోదు అన్న లెక్కలో ఏ తేడా రాదు. ఎందుకు రాదో ఈ పూట దగ్గరగా చూద్దాం.

ముందు ఒక్క పదం సంగతి. ఈ శాస్త్రంలో భాష అంటే అక్షరాల వరుసల సమూహం. ఒక యంత్రం ఒక భాషను గుర్తుపడుతుంది అంటే, ఆ సమూహంలో ఉన్న ప్రతి వరుసకూ యంత్రం ఎప్పటికో ఒకప్పటికి సరే అని ఆగుతుంది, సమూహంలో లేనిదానికి ఎన్నటికీ సరే అనదు. కాదు అని చెప్పి ఆగాలన్న షరతు లేదు. ఆగకుండా నడుస్తూ ఉండిపోయినా ఫరవాలేదు. ఈ షరతు లేకపోవడం చివర్లో చాలా ముఖ్యమవుతుంది కాబట్టి గుర్తుంచుకోండి.

ఉదాహరణకు మనందరికీ తెలిసిన మాటనే తీసుకుందాం. తెనాలి రామకృష్ణుడి బిరుదుగా చెప్పుకునే వికటకవి. ఎటు నుంచి చదివినా అదే. ఇలాంటి వరుసలన్నీ కలిపి ఒక భాష అనుకుందాం. వి, క, ట అని మూడు అక్షరాలే ఉన్నాయనీ, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం ఉంటుందనీ అనుకుంటే లెక్క తేలిగ్గా ఉంటుంది. నిజానికి కంప్యూటర్ లోపల వి అనేది వ, దాని తర్వాత గుడి అని రెండు సంకేతాలుగా ఉంటుంది. ఆ సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు వెనక నుంచి చదివితే గుడి ముందుకొచ్చి వికటకవి వికటకవి కాకుండా పోతుంది. అందుకే మన టేపు మీద ఒక గడిలో ఒక పూర్తి అక్షరం.

రెండు టేపుల యంత్రానికి ఈ పని సులువు. మొదటి టేపు మీద వికటకవి ఉంది, రెండోది ఖాళీ. రెండు హెడ్లూ కలిసి కుడివైపు జరుగుతూ మొదటి టేపు మీది అక్షరాలను రెండో టేపు మీదికి ఎక్కిస్తాయి. మాట అయిపోయిందని మొదటి హెడ్డుకు ఎలా తెలుస్తుంది? ఖాళీ గడి తగిలినప్పుడు తెలుస్తుంది. అప్పుడు రెండో హెడ్డు ఒక గడి వెనక్కి జరిగి చివరి అక్షరం మీద ఆగుతుంది, మొదటి హెడ్డు మళ్ళీ మాట మొదటికి వస్తుంది. ఇక మొదటి హెడ్డు ముందు నుంచి వెనక్కి, రెండో హెడ్డు వెనక నుంచి ముందుకు నడుస్తూ అడుగడుగునా రెండు అక్షరాలనూ పోల్చి చూస్తాయి. ఎక్కడా తేడా రాకుండా మొదటి హెడ్డు చివరి ఖాళీని చేరితే యంత్రం సరే అంటుంది. మాట పొడవుకు దాదాపు మూడు రెట్ల అడుగుల్లో పని పూర్తి. 1,000 అక్షరాల వరుసకు సుమారు 3,000 అడుగులు.

ఇప్పుడు ఈ రెండు టేపుల యంత్రాన్ని ఒక టేపు యంత్రంతో నడిపిద్దాం. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటలను పట్టుకునే ఉపాయం ఒక టేపు యంత్రానికి కొత్తగా నేర్పడం మన ఉద్దేశం కాదు. రెండు టేపుల యంత్రం ఏదైనా సరే, అది వేసే ప్రతి అడుగునూ ఉన్నది ఉన్నట్టు అనుకరించే పద్ధతి ఒకటి కావాలి. అది దొరికితే ఈ ఒక్క భాషకే కాదు, అన్ని భాషలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

మొదటి సంగతి చోటు. రెండు టేపుల మీద ఉన్నదాన్ని ఒకే టేపు మీద ఒకదాని పక్కన ఒకటి రాస్తాం. ఒక హద్దు గుర్తు, ఆ తర్వాత మొదటి టేపులో ఉన్నది, మళ్ళీ హద్దు గుర్తు, రెండో టేపులో ఉన్నది, చివర ఇంకో హద్దు గుర్తు. టేపులు ఎన్ని ఉన్నా వాటి మీద రాత ఏ క్షణంలోనైనా పరిమితమే కాబట్టి ఇలా పక్కపక్కన సర్దడానికి అడ్డేమీ లేదు.

రెండో సంగతి హెడ్లు. అసలు యంత్రానికి రెండు హెడ్లు, మనకు ఒకటే. అసలు హెడ్లు ఏ గడుల మీద ఉన్నాయో మనం ఎలా గుర్తుంచుకోవాలి? ఫలానా గడి మీద ఉంది అని సంఖ్యను స్థితిలో దాచుకోలేం. టేపు పొడవు ఎంతైనా పెరగొచ్చు, స్థితుల సంఖ్య మాత్రం పెరగదు. అందుకని ఆ సమాచారాన్ని టేపు మీదే రాస్తాం. ప్రతి అక్షరానికీ చుక్క పెట్టిన రూపం ఒకటి అదనంగా పెట్టుకుంటాం. మామూలు వి, చుక్క ఉన్న వి. మామూలు ఖాళీ, చుక్క ఉన్న ఖాళీ. ఏ భాగంలో ఏ గడికి చుక్క ఉంటే ఆ టేపు హెడ్డు అక్కడ ఉన్నట్టు. నాకు ఈ నిరూపణ మొత్తంలో బాగా నచ్చేది ఈ చుక్కే. యంత్రంలో ఒక భాగమైన హెడ్డు ఇక్కడ టేపు మీద రాతగా మారిపోయింది.

మూడోది ఒక అడుగు వేయడం. పోల్చి చూసే దశ మొదలైంది అనుకుందాం. మొదటి భాగంలో మొదటి వి మీద చుక్క ఉంది, రెండో భాగంలో చివరి వి మీద చుక్క ఉంది. మన ఒక్క హెడ్డు ఎడమ చివర నుంచి బయలుదేరి టేపంతా నడుస్తుంది. చుక్క ఉన్న అక్షరం తగిలినప్పుడల్లా అదేమిటో స్థితిలో గుర్తుపెట్టుకుంటుంది. కుడి చివరి హద్దు చేరేసరికి మొదటి హెడ్డు కింద వి, రెండో హెడ్డు కింద వి అన్నది తెలిసిపోయింది. అసలు యంత్రం పట్టికలో ఈ జంటకు ఏం రాసి ఉందో ఆ నియమం మన యంత్రం పట్టికలోనూ ఉంది: మొదటి హెడ్డు కుడికి, రెండో హెడ్డు ఎడమకి. హెడ్డు వెనక్కి వచ్చి మళ్ళీ ఒకసారి నడుస్తూ మొదటి చుక్కను కుడి గడికి, రెండో చుక్కను ఎడమ గడికి మారుస్తుంది. అసలు యంత్రం వేసిన ఒక్క అడుగుకు మనం టేపును ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాం.

అక్షరాలను స్థితిలో గుర్తుపెట్టుకుంటుంది అన్నాను. అది సాధ్యమేనా? సాధ్యమే. నిరూపణ నిలబడేది ఇక్కడే. మనకు మూడు అక్షరాలు, ఒక ఖాళీ కలిపి నాలుగు గుర్తులు. రెండు హెడ్ల కింద ఉండగలిగే జంటలు 16. లిపిలో 500 గుర్తులున్నా జంటలు 2,50,000. పెద్ద సంఖ్యే. కానీ యంత్రం తయారు చేసేనాడే తెలిసిన సంఖ్య. మాట 5 అక్షరాలదైనా, 5 కోట్ల అక్షరాలదైనా అది మారదు. మాటతో పాటు పెరిగేదాన్నంతా టేపు మీదికి పంపాం. పెరగనిదాన్ని మాత్రమే స్థితిలో ఉంచుకున్నాం. టేపుల సంఖ్య ముందే తేలిపోయి ఉండాలి అన్న షరతు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. నడుస్తూ నడుస్తూ కొత్త టేపులు పుట్టించుకునే యంత్రమైతే ఈ లెక్క ఇలాగే పనిచేయదు, ఇంకో ఏర్పాటు చూసుకోవాలి.

అన్నీ సర్దుకున్నట్టే ఉన్నాయి, కానీ ఒక చోట బండి ఆగుతుంది. ఎక్కించే దశలో మొదటి హెడ్డు చివరి వి దాటి ఖాళీ గడిని చూడాలని చెప్పాను కదా. అసలు యంత్రం టేపు మీద అక్కడ నిజంగానే ఖాళీ ఉంది. మన టేపు మీద అక్కడ ఖాళీ లేదు, హద్దు గుర్తు ఉంది. దాని వెనకే రెండో భాగం మొదలైపోయింది. చుక్కను జరపడానికి చోటు లేదు. ఈ సంగతి పట్టించుకోకుండా రాసిన పట్టిక చుక్కను హద్దు మీద పెట్టేస్తుంది, అక్కడి నుంచి రెండు టేపుల రాత ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. విద్యార్థులు రాసిన నిరూపణల్లో తరచుగా జారిపోయే మెట్టు ఇదే.

చుక్క హద్దు మీదికి వచ్చిందని తెలియగానే మన యంత్రం చోటు చేసుకుంటుంది. ఆ క్షణంలో హద్దుతో మొదలుపెట్టి కుడివైపు ఏమున్నాయో చూడండి. హద్దు గుర్తు, అప్పటికి ఎక్కిన వి, క, ట, క, అయిదో అక్షరం రాయాల్సిన చుక్క ఉన్న ఖాళీ, ఆఖరి హద్దు. మొత్తం 7 గడులు. వీటన్నిటినీ ఒక్కో గడి కుడికి జరపాలి. హద్దు గుర్తును గుర్తుపెట్టుకుని ఆ గడిలో చుక్క ఉన్న ఖాళీ రాస్తుంది. పక్క గడిలోని వి ని గుర్తుపెట్టుకుని అక్కడ హద్దు గుర్తు రాస్తుంది. దాని పక్కనున్న క ను గుర్తుపెట్టుకుని అక్కడ వి రాస్తుంది. ఇలా ఎప్పుడు చూసినా చేతిలో ఒకే ఒక్క గుర్తుతో నడుస్తూ, ఆఖరి హద్దును అప్పటిదాకా ఎవరూ వాడని గడిలో పెట్టి వెనక్కి వస్తుంది. ఇక్కడ కూడా స్థితిలో దాచుకున్నది ఒక్క గుర్తే. ఎడమవైపు చోటు చాలనప్పుడూ ఇదే పద్ధతి.

దీంతో నిరూపణలో ఒక వైపు పూర్తయింది. టేపులు మూడైనా ముప్పయ్యైనా ఇంతే, భాగాలు, చుక్కలు ఎక్కువవుతాయి. రెండో వైపు చెప్పనక్కరలేదు. ఒక టేపు యంత్రం చేసే పనిని రెండు టేపుల యంత్రం తన రెండో టేపును ముట్టకుండానే చేసేస్తుంది.

ఖర్చు ఎంత? అసలు యంత్రం ఒక్కో అడుగులో ఒక్కో టేపు మీద ఒక్క కొత్త గడి కంటే ఎక్కువ వాడలేదు. కాబట్టి అది ఎన్ని అడుగులు వేసిందో, మన టేపు పొడవు సుమారుగా దాని రెండింతలు దాటదు. ప్రతి అడుగుకూ ఆ పొడవంతా కొన్నిసార్లు తిరగాలి. అంటే అడుగుల సంఖ్యకు వర్గం. 1965లో హార్ట్‌మానిస్, స్టెర్న్స్ గణన సంక్లిష్టత మీద రాసిన వ్యాసంలో ఈ వర్గం లెక్క ఉంది. మన 1,000 అక్షరాల వరుసకు అసలు యంత్రం 3,000 అడుగుల్లో ముగించిన పనికి అనుకరణ సుమారు 2 కోట్ల అడుగులు తీసుకుంటుంది.

అనుకరణ మాట పక్కనబెట్టి ఒక టేపు యంత్రానికి ఈ పనిని నేరుగా చెప్పామనుకోండి. మొదటి అక్షరాన్ని గుర్తుపెట్టుకుని చెరిపేసి, చివరికి వెళ్ళి పోల్చి, దాన్నీ చెరిపేసి వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టడం. ఇది సుమారు 5 లక్షల అడుగుల్లో అయిపోతుంది. 2 కోట్లతో పోలిస్తే ఎంతో నయం. అయినా ఇదీ వర్గమే, వెయ్యి వర్గంలో సగం. ఒక టేపుతో ఈ పనిని వర్గం కంటే మెరుగ్గా చేయడం కుదరదని హెన్నీ 1965లోనే నిరూపించాడు. అంటే ఈ ఖర్చు మన పద్ధతి మొరటుదనం వల్ల వచ్చింది కాదు. కొన్ని భాషలకు ఒక టేపు యంత్రం ఆ మూల్యం చెల్లించక తప్పదు.

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. ఒకే పరిస్థితిలో పట్టిక రెండు మూడు నియమాలు చూపిస్తే? ఇలాంటి యంత్రాన్ని నాన్‌డిటర్మినిస్టిక్ యంత్రం అంటారు. నేను ఎంపికల యంత్రం అంటాను. ట్యూరింగ్ 1936 వ్యాసంలోనే ఎంపిక యంత్రాల ప్రస్తావన ఉంది. కాకపోతే అక్కడ ఎంపిక చేసేది బయటి మనిషి. ఆ వ్యాసానికి అవి అక్కరలేదని ఆయన పక్కన పెట్టాడు. ఎంపికల ఊహను ఇప్పుడు మనం వాడే అర్థంలో ముందుకు తెచ్చింది 1959లో రాబిన్, స్కాట్ కలిసి టేపు మీద రాయలేని చిన్న యంత్రాల గురించి రాసిన వ్యాసం.

ఈ యంత్రం బొమ్మా బొరుసా వేసి దారి ఎంచుకోదు. అన్ని దారుల్లోనూ ఒకేసారి నడిచే యంత్రం కూడా కాదు. ఇది ఒక నిర్వచనం. సాధ్యమయ్యే దారులన్నిటిలో ఏ ఒక్కదాని చివరైనా సరే అన్న స్థితి ఉంటే, యంత్రం ఆ వరుసను ఒప్పుకున్నట్టు. ఒక్క దారి చాలు. మిగతా దారులన్నీ కాదన్నా, ఆగకుండా నడుస్తున్నా లెక్కలోకి రావు.

దీనికి ఉదాహరణగా నిజమైన గణిత సమస్య ఒకటి ఉంది. ఒక పూర్ణసంఖ్యను మూడు పూర్ణసంఖ్యల ఘనాల మొత్తంగా రాయగలమా? ఆ మూడింట్లో రుణసంఖ్యలు కూడా ఉండొచ్చు. 29 తేలిక: 3 ఘనం 27, దానికి 1 ఘనం, మళ్ళీ 1 ఘనం. 33 మాత్రం చాలాకాలం ఎవరికీ లొంగలేదు. 2019లో ఆండ్రూ బుకర్ దానికి జవాబు కనుక్కున్నాడు. ఆ మూడు సంఖ్యల్లో ప్రతిదానికీ 16 అంకెలున్నాయి. ఇలా రాయగలిగే సంఖ్యలన్నీ మన భాష అనుకుందాం.

ఎంపికల యంత్రానికి పట్టిక రాయడం చాలా సులువు. ముందు ఒక సంఖ్యను ఊహించు. ధనమా రుణమా అన్నది ఒక ఎంపిక. ఆ తర్వాత ప్రతిసారీ మూడు ఎంపికలు: 0 రాయి, 1 రాయి, ఈ సంఖ్య ఇక్కడితో చాలించు. ఇలా మూడు సంఖ్యలు రాశాక ఎంపికలు ఉండవు. వాటి ఘనాలు కట్టి, కలిపి, ఇచ్చిన సంఖ్యతో పోల్చడమే. సరిపోతే సరే.

దీన్ని ఎంపికలు లేని మామూలు యంత్రంతో అనుకరించాలి. దారులన్నీ కొమ్మలుగా చీలుతూ పోయే ఒక చెట్టులా ఉంటాయి. మామూలు యంత్రం చెట్టంతా వెతకాలి. మొదటగా తట్టే ఆలోచన ఇది: ఒక దారి పట్టుకుని చివరిదాకా పోదాం, కుదరకపోతే వెనక్కి వచ్చి పక్క దారి చూద్దాం. ఇది తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో మన ఉదాహరణే చూపిస్తుంది. 1 రాయి, 1 రాయి, 1 రాయి అంటూ ఎప్పటికీ సంఖ్యను చాలించని దారి ఒకటి చెట్టులో ఉంది. మన యంత్రం ముందుగా ఆ దారిలో దిగితే ఇక తిరిగి రాదు. పక్కనే 29కి జవాబు ఉన్నా చూడలేదు. ఏ దారికి అంతం లేదో ముందే తెలుసుకుని తప్పించుకునే ఉపాయం కూడా లేదు. యంత్రం ఆగుతుందా లేదా అన్నది ఏ యంత్రమూ అన్నిసార్లూ తేల్చలేదని ట్యూరింగ్ పనే మనకు చెబుతుంది.

అందుకని లోతుకు పోకుండా పొరలు పొరలుగా వెతకాలి. ముందు ఒక్క అడుగు దారులన్నీ, తర్వాత రెండడుగుల దారులన్నీ, తర్వాత మూడడుగులవి. దీన్ని చక్కగా నడపడానికి మూడు టేపులు పెట్టుకుందాం. మొదటి టేపు మీద ఇచ్చిన సంఖ్య ఉంటుంది, దాన్ని ఎప్పుడూ చెరపం. రెండోది పని చేసే టేపు. మూడో టేపు మీద దారి చిరునామా ఉంటుంది. ఎక్కడైనా గరిష్ఠంగా మూడే ఎంపికలు కాబట్టి చిరునామా అంటే 1, 2, 3 అంకెల వరుస. 2, 1, 3 అని ఉంటే మొదటి అడుగులో రెండో నియమం, రెండో అడుగులో మొదటి నియమం, మూడో అడుగులో మూడో నియమం అని అర్థం.

పని ఇలా సాగుతుంది. రెండో టేపును శుభ్రం చేసి, మొదటి టేపు మీది సంఖ్యను దాని మీదికి ఎక్కించి, మూడో టేపు చెప్పిన దారిలో అడుగులు వేస్తుంది. దారిలో సరే అన్న స్థితి వస్తే అయిపోయింది, మన యంత్రమూ సరే అంటుంది. చిరునామా మూడో నియమం అని చెప్పినచోట రెండే నియమాలుంటే ఆ చిరునామా చెల్లదు, వదిలేస్తుంది. చిరునామా అయిపోయినా సరే రాకపోతే అదీ వదిలేస్తుంది. మూడో టేపు మీద తర్వాతి చిరునామా రాసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ప్రతిసారీ మొదటి నుంచి ఎందుకు, సగం నడిచిన దారులను దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. దాచుకోవచ్చు. కానీ అప్పుడు ఎన్నో సగం పనులను టేపు మీద వరుసపెట్టి కాపాడుకోవాలి. చేసిన పనే మళ్ళీ చేస్తే కాలం పోతుంది గానీ దాచాల్సింది ఒక్క చిరునామాయే. ఇక్కడ మనం నిరూపిస్తున్నది వేగం కాదు కాబట్టి ఈ పద్ధతే మేలు.

సరే అన్న దారి ఒక్కటి ఉన్నా దానికి పొడవు ఉంటుంది, ఆ పొడవు పరిమితం. అంతకంటే పొట్టి చిరునామాలు పరిమితం, ఒక్కో చిరునామా మీద పని కూడా పరిమితం. కాబట్టి మన యంత్రం ఆ దారిని ఎప్పటికో ఒకప్పటికి చేరి తీరుతుంది. అలాంటి దారి లేకపోతే ఎన్నటికీ సరే అనదు. మనకు కావలసింది సరిగ్గా ఇదే. మూడు టేపులు వాడాం కదా, వాటి సంగతేమిటి అంటారేమో. ఇందాక చేసిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. మూడు టేపుల యంత్రాన్ని ఒక టేపు మీదికి దించడం మనకు వచ్చు.

ఇప్పుడు ఈ యంత్రానికి 32 ఇద్దాం. ఏ పూర్ణసంఖ్య ఘనాన్నైనా 9తో భాగిస్తే శేషం 0, 1, 8లలో ఒకటే వస్తుంది. అలాంటివి మూడు కలిపితే శేషం 4 గానీ 5 గానీ రాదు. 32ను 9తో భాగిస్తే శేషం 5. కాబట్టి జవాబు లేదు. మన యంత్రానికి ఈ సంగతి తెలియదు. చిరునామా తర్వాత చిరునామా చూస్తూ ఎప్పటికీ ఆగదు. అది తప్పేమీ కాదు, గుర్తుపట్టడం అన్న మాటకు మనం మొదట పెట్టుకున్న అర్థంలోనే ఈ వెసులుబాటు ఉంది. 114 ఇస్తే? శేషం 6, కాబట్టి ఆ అడ్డంకి లేదు. అయినా దానికి జవాబు ఉందో లేదో గణితజ్ఞులకు ఇంకా తేలలేదు. అంటే ఇంత సులువుగా వివరించగలిగిన ఈ యంత్రం 114 మీద ఆగుతుందో ఆగదో మనకు తెలియదు. ఎంపికల యంత్రం ప్రతి దారిలోనూ ఎప్పటికో ఒకప్పుడు తప్పకుండా ఆగేదైతే మాత్రం మామూలు యంత్రం కూడా కాదు అని చెప్పి ఆగగలదు. ఒక పొరలోని చిరునామాలన్నీ చూశాక ఇంకా సాగుతున్న దారి ఒక్కటీ మిగలలేదని గమనిస్తే చాలు.

అదనపు సౌకర్యం ఏ యంత్రానికి ఇచ్చినా బలం పెరగదనుకోవడం సరికాదు. ట్యూరింగ్ యంత్రం కంటే చిన్నదైన దొంతి యంత్రాన్ని చూడండి. దానికి టేపు బదులు ఒక దొంతి ఉంటుంది. పైన పెట్టడం, పైనున్నది తీయడం తప్ప మధ్యలోది చూడలేదు. వికటకవి లాంటి మాటలు పట్టుకోవాలంటే సగం దాకా దొంతిలో పెట్టుకుంటూ పోయి, అక్కడి నుంచి తీస్తూ పోల్చాలి. సగం ఎక్కడో ముందుగా తెలియదు. ఎంపికలున్న దొంతి యంత్రం ఇదే సగం అని ఊహించగలదు కాబట్టి ఈ భాషను గుర్తుపడుతుంది. ఎంపికలు లేని దొంతి యంత్రం గుర్తుపట్టలేదు, ఇది నిరూపితం. రెండో దొంతి ఇచ్చారంటే ఆ చిన్న యంత్రం ఏకంగా ట్యూరింగ్ యంత్రంతో సమానమైపోతుంది. దొంతి యంత్రం తప్పు ఊహ నుంచి వెనక్కి రాలేదు, ఎందుకంటే తీసేసింది పోయినట్టే. ట్యూరింగ్ యంత్రం టేపు మీద తాను రాసుకున్నదాన్ని ఎన్నిసార్లైనా వెనక్కి వెళ్ళి చదవగలదు, ఇంకో యంత్రం పరిస్థితి మొత్తాన్నీ తన టేపు మీద రాసి ఉంచుకోగలదు. చుక్కలూ చిరునామాలూ సాధ్యమైంది దానివల్లే.

చివరగా ఎంపికల అనుకరణకు అయ్యే ఖర్చు. దారి పొడవు 20 అడుగులు, అడుగుకు మూడు ఎంపికలు అయితే ఆ పొడవున్న చిరునామాలే 348 కోట్ల పైన. మన 29 సంగతే చూడండి. 3, 1, 1లను ద్వయాంశ పద్ధతిలో ఊహించడానికి గుర్తులూ అంకెలూ ముగింపులూ కలిపి 10 ఎంపికలు చాలు. కానీ చిరునామాలో ఘనాలు కట్టే అడుగులూ లెక్కకొస్తాయి. ఆ లెక్క 100 అడుగుల్లో అయిందనుకున్నా చిరునామా పొడవు 110, అలాంటి చిరునామాల సంఖ్యకు 53 అంకెలు. 33కు జవాబు బుకర్ ఇలా వెతికి కనుక్కోలేదు, సంఖ్యా సిద్ధాంతం తోడుగా వెతకాల్సిన చోటును బాగా కుదించుకున్నాడు.

టేపుల విషయంలో ఖర్చు వర్గం కంటే పెరగదు, కొన్ని భాషలకు అంతకంటే తగ్గదు. రెండూ నిరూపించినవే. ఎంపికల విషయంలో మనకు తెలిసిన పద్ధతులన్నీ ఇలా అడుగు అడుగుకూ రెట్లు రెట్లుగా పెరిగేవే. అంత ఖర్చు తప్పదని మాత్రం ఎవరూ నిరూపించలేదు. ఎంపికల యంత్రం బహుపది కాలంలో చేసే ప్రతి పనినీ మామూలు యంత్రం కూడా బహుపది కాలంలో చేయగలదా అన్న ప్రశ్నను 1971లో స్టీఫెన్ కుక్ స్పష్టంగా ముందుకు తెచ్చాడు. పి, ఎన్‌పి సమస్య అంటే ఇదే. అది ఇప్పటికీ తేలలేదు.